బుడ్డలు పోయాయి, చీటీలు మిగిలాయి: రాయదుర్గం రైతు మార్కెట్ కమిటీకి రాసిన లేఖ

“బుడ్డలు ఎత్తుకపొయ్యేటప్పుడు అన్నా అన్నాడు. దుడ్లడిగితే యెవురివిరా నువ్వు అంటాండాడు.”

రాయదుర్గం మండలంలోని ఒక ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన రైతు మాతో అన్న మొదటి మాట ఇది. ఆయన చేతిలో మూడు చీటీలున్నాయి. వాటితోపాటు వ్యవసాయ మార్కెట్ కమిటీకి ఎవరితోనో రాయించుకున్న అర్జీ ఉంది. డిసెంబరులో వేరుశనగ అమ్మాడు. సంక్రాంతికి డబ్బులిస్తానన్న వ్యాపారి ఉగాది దగ్గర పడుతున్నా ఇవ్వలేదు. రైతు పేరు, వ్యాపారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి చీటీలు మన వాడల్లో చాలా ఇళ్లలో ఉన్నాయి కాబట్టి, అవి ఏం చెబుతున్నాయో, ఏం చెప్పలేకపోతున్నాయో చూద్దాం.

ఆయన తెచ్చిన అర్జీ రెండు పేజీలుంది. అందులో కరువు ఉంది, బోరు ఎండిపోవడం ఉంది, కూతురి పెళ్లి ఉంది, “తమరు దయతలచి” అన్న మాట నాలుగుసార్లు ఉంది. ఎన్ని క్వింటాళ్లు, ఏ రోజు, ఏ రేటుకు, ఎంత బాకీ అన్నది మాత్రం ఎక్కడా లేదు. దయ కోసం రాసిన అర్జీని ఆఫీసులో ఎవరైనా పక్కన పెట్టేయవచ్చు. లెక్కతో రాసిన అర్జీకి జవాబు చెప్పాల్సి వస్తుంది. అందుకే చీటీలను ముందు పెట్టుకుని ఆ అర్జీని మళ్లీ రాశాం.

మొదటి చీటీలో తేదీ, రైతు పేరు, 18 మూటలు, నికర తూకం 7 క్వింటాళ్ల 40 కిలోలు, క్వింటా రేటు 6,000 ఉన్నాయి. కింద వ్యాపారి గుమాస్తా సంతకం ఉంది. విలువ 44,400 రూపాయలు. రెండో చీటీ వారం తర్వాతది. 13 మూటలు, 5 క్వింటాళ్ల 20 కిలోలు, రేటు 6,150. విలువ 31,980 రూపాయలు. ఈ రెండూ చేతికొచ్చిన సాక్ష్యాలే. మూడోది సగం చించిన నోటు పుస్తకం కాగితం. దాని మీద 11 మూటలు, 4 క్వింటాళ్ల 60 కిలోలు అని మాత్రమే ఉంది. రేటు లేదు, సంతకం లేదు. పైగా పేరు కూడా రైతుది కాదు. ఆయన కౌలుకు చేస్తున్న భూమి యజమానిది.

ఈ మూడో చీటీ దగ్గరే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. పంట మనది, పట్టా వేరేవాళ్లది. కళ్లం దగ్గరికి వచ్చిన వ్యాపారి అలవాటుగా భూమి యజమాని పేరు రాసేస్తాడు. తగాదా వచ్చినప్పుడు “నీకు నేనేమీ బాకీ లేను” అని సులువుగా అనేస్తాడు. పంట ఎవరిదో చూపించడానికి చీటీ కాకుండా ఇంకో కాగితం కావాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే కార్డు అలాంటిదే. అది 11 నెలలకే చెల్లుతుంది, యజమాని ఒప్పుకుంటేనే వస్తుంది. కార్డు లేకపోయినా గ్రామంలో చేసిన ఈ-క్రాప్ నమోదులో సాగుదారుడిగా పేరుంటే ఆ నకలు పనికొస్తుంది. ఈ రైతుకు కార్డు లేదు కానీ ఈ-క్రాప్‌లో పేరుంది. ఆ నకలు తీసి అర్జీకి జత చేశాం. “ఆ 11 మూటలు నా భూమిలో ఆయన పండించినవే” అని యజమాని రెండు వాక్యాలు రాసి సంతకం చేసిన కాగితం కూడా పెట్టాం.

ఇక వ్యాపారి వాదన. జూన్‌లో విత్తనాలకు ఇచ్చిన అప్పు వడ్డీతో కలిపి ధరలో సరిపోయిందని ఆయన ఊళ్లో చెబుతున్నాడు. నిజమే, 20,000 తీసుకున్నానని రైతు ఒప్పుకుంటాడు. మొదటి అర్జీలో మాత్రం ఆ సంగతి రాయలేదు. రాస్తే తన కేసు బలహీనపడుతుందనుకున్నాడు. నిజానికి దాచిపెడితేనే బలహీనపడుతుంది. వ్యాపారి ముందుగా ఆ మాట బయటపెడితే మిగతా లెక్క మీద కూడా అధికారికి అనుమానం వస్తుంది. అందుకే కొత్త అర్జీలో లెక్క ఇలా రాశాం: మొదటి రెండు చీటీల మొత్తం 76,380. అందులో అడ్వాన్సు 20,000 తీసేస్తే 56,380. మూడో చీటీ సరుకుకు రెండో చీటీ రేటే కడితే 28,290. మొత్తం బాకీ 84,670 రూపాయలు. రాతపూర్వకంగా రుజువయ్యే సొమ్మును, విచారణలో తేలాల్సిన సొమ్మును విడివిడిగా చూపించాం. అలా చేస్తే మూడో చీటీ నిలబడకపోయినా మొదటి రెండింటి డబ్బుకు ఢోకా ఉండదు.

ఇంతకీ మార్కెట్ కమిటీకి ఈ గొడవతో ఏం సంబంధం? సరుకు యార్డులో అమ్మలేదు, కళ్లం దగ్గరే తూకం వేశారు కదా అని చాలామంది అంటారు. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం యార్డు గోడల దగ్గరే ఆగిపోదు. కమిటీ పరిధిగా ప్రకటించిన ప్రాంతమంతా దాని కిందికి వస్తుంది. ఆ ప్రాంతంలో ప్రకటిత పంటను వ్యాపారంగా కొనాలంటే చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాలి. కొన్నదాని విలువ మీద మార్కెట్ ఫీజు కట్టాలి. ఆ ఫీజు కట్టాల్సింది కొన్నవాడు, రైతు కాదు.

మన చేతిలో లేని రెండో సాక్ష్యం ఈ ఫీజు దగ్గరే ఉంది. ఫీజు కట్టి ఉంటే ఎంత సరుకు, ఎంత ధరకు కొన్నాడో వ్యాపారే కమిటీకి రాసిచ్చి ఉంటాడు. అందులో మన సరుకు కనిపిస్తే కొనలేదనడానికి వీలుండదు. ఫీజు కట్టకపోతే అది కమిటీ సొమ్ముకు పడిన గండి. నూటికి రూపాయి లెక్కన చూసినా మన రైతు అమ్మిన 1,04,670 రూపాయల సరుకు మీద 1,046 రూపాయలకు పైగా కమిటీకి రావాలి. రైతు బాకీ మీద కదలని ఫైలు, ఎగ్గొట్టిన ఫీజు అన్న మాట మీద కదలవచ్చు.

కాబట్టి అర్జీలో “న్యాయం చేయండి” అని ఊరుకోకుండా నాలుగు స్పష్టమైన కోరికలు రాశాం. ఈ వ్యాపారికి లైసెన్సు ఉందా, ఉంటే నంబరెంత, ఏ కమిటీ ఇచ్చింది? ఈ మూడు తేదీల కొనుగోళ్లకు ఫీజు కట్టాడా? ఇద్దరినీ పిలిచి విచారించి బాకీ ఇప్పించండి, ఇవ్వకపోతే లైసెన్సు సస్పెండ్ చేసే చర్య మొదలుపెట్టండి. తీసుకున్న నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపండి. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు రాకపోతే వాటినే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. అప్పుడు 30 రోజుల గడువు ఉంటుంది.

అర్జీని కార్యదర్శి పేరున రెండు ప్రతులు తీసుకెళ్లాలి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవాలి. చీటీల జిరాక్సులే జత చేయాలి. అసలు చీటీలు “చూసి ఇస్తాం” అన్నా వదలకూడదు. చూపించి వెంటనే తిరిగి తీసుకోవాలి. కార్బన్ కాపీలు, మెషిన్ చీటీలు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి కాబట్టి తెచ్చిన రోజే జిరాక్సు తీసిపెట్టుకోవాలి.

రాయదుర్గానికి ఇంకో చిక్కుంది. 1953 వరకు ఈ తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. గీత మారినా వ్యాపారం మారలేదు. మన సరుకు బళ్లారి వైపు పోతూనే ఉంది, అక్కడి వ్యాపారులు మన కళ్లాలకు వస్తూనే ఉన్నారు. అమ్మకం బళ్లారి యార్డులో జరిగి ఉంటే అర్జీ అక్కడి కమిటీకే పెట్టాలి. కర్ణాటకకు తన సొంత చట్టం ఉంది. అమ్మకం మన ఊళ్లో జరిగి, లారీ అక్కడికి పోయి ఉంటే ఇక్కడే ఫిర్యాదు చేయాలి. అందుకే అర్జీలో తూకం ఎక్కడ వేశారో, ఏ బండిలో ఎత్తారో తప్పక రాయాలి.

కమిటీకి ఉన్న హద్దును కూడా దాచకుండా చెప్పుకోవాలి. అది కోర్టు కాదు. లైసెన్సు ఉన్నవాడి మెడ మీద దానికి పట్టు ఉంటుంది. లైసెన్సు లేనివాడి మీద కేసు పెట్టగలదు కానీ డబ్బు వసూలుకు డిక్రీ ఇవ్వలేదు. అర్జీ పెట్టాం కదా అని కూర్చుంటే కోర్టు గడువు ఆగదు. సరుకు ధర కోసం దావా వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. సంక్రాంతికి ఇస్తానన్న నోటిమాట రుజువు చేయడం కష్టం కాబట్టి, సరుకు ఇచ్చిన రోజు నుంచే లెక్క వేసుకోవడం క్షేమం. ఈలోగా వ్యాపారి “ఇంత బాకీ ఉన్నాను” అని రాసి సంతకం చేస్తే గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. అందుకే కమిటీ ముందు రాజీ కుదిరితే నోటిమాటతో లేచి రాకూడదు. వాయిదాల తేదీలతో కాగితం రాయించుకోవాలి.

చెక్కు ఇస్తే దాన్ని మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. చెల్లకపోతే, ఆ సంగతి బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లోనూ డబ్బు రాకపోతే, ఆ తర్వాత నెల లోపల కోర్టులో ఫిర్యాదు వేయాలి.

దావా అంటే లాయరు ఖర్చుకు భయపడతాం. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం.

చివరగా, “యెవురివిరా నువ్వు” అన్న మాట సంగతి. డబ్బు ఎగ్గొట్టడం ఒక్కటే అట్రాసిటీ చట్టం కిందికి రాదు. కులం పేరుతో నలుగురిలో తిట్టి ఉంటే, లేదా ఈ రైతు సరుకు ఎవరూ కొనొద్దని మిగతా వ్యాపారులకు చెప్పి ఉంటే అది వేరే నేరం. అలాంటి ఆర్థిక బహిష్కరణను 2015 సవరణ నేరంగా చేర్చింది. దానికి పోలీసు స్టేషన్‌లో వేరే ఫిర్యాదు ఇవ్వాలి. రెండింటినీ ఒకే అర్జీలో కలిపితే కమిటీ పోలీసుల దగ్గరికి పొమ్మంటుంది, పోలీసులు కమిటీ దగ్గరికి పొమ్మంటారు. మధ్యలో నలిగేది మనమే.

ఈ రైతును కులం పేరుతో తిట్టారా అని అడిగాం. “యార్డులో ఇంకా నలుగురున్నారు సామీ, అందరూ విన్న్యారు. సాచ్చికం చెప్పేటోళ్లెవురు?” అన్నాడు. ఆ నలుగురూ ఏటా అదే వ్యాపారికి అమ్మాలి. వాళ్లలో ఒక్కరైనా వస్తారేమో అడిగి చూస్తానన్నాడు. అంతవరకు డబ్బు అర్జీ ఒక్కటే కమిటీకి వెళ్లింది. ఇన్‌వార్డ్ ముద్ర పడిన ప్రతి వెనకాల మూడేళ్ల గడువు ముగిసే తేదీ రాయించుకుని, అసలు చీటీలతో కలిపి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఊరి బస్సెక్కాడు.