గోడ దాటని వైఫైకి ఎక్స్‌టెండర్ మందు కాదు

దూరపు గదికి వైఫై అందకపోతే ఎక్స్‌టెండర్ కొంటే చాలన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. పవర్‌లైన్ అడాప్టర్ల మాటెత్తితే, మన వైరింగులో అవి పనిచెయ్యవని కొట్టిపారేస్తారు. మందపాటి గోడలూ కాంక్రీటు స్లాబూ ఉన్న ఇంటి విషయంలో ఈ రెండు మాటలూ నిలవవు.

ఎక్స్‌టెండర్ తనకు అందిన సిగ్నల్‌నే మళ్లీ ప్రసారం చేస్తుంది. కింది హాల్లో రౌటర్ ఉంది, 100 ఎంబీపీఎస్ కనెక్షన్. పై అంతస్తు వెనకగదికి మధ్యలో 9 అంగుళాల గోడలు రెండు, ఇనుప చువ్వల స్లాబు ఒకటి ఉన్నాయనుకుందాం. ఆ గదిలో 5 ఎంబీపీఎస్ మాత్రమే వస్తుంటే, అక్కడే పెట్టిన ఎక్స్‌టెండరు కూడా దాదాపు అంతే పంచగలదు. అయినా ఫోనులో గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి. జనం మోసపోయేది ఇక్కడే. ఆ గీతలు ఫోనుకూ ఎక్స్‌టెండరుకూ మధ్య సిగ్నల్‌ను చూపుతాయి గాని, ఎక్స్‌టెండరుకూ రౌటరుకూ మధ్య ఉన్నదాన్ని కాదు. ఎక్స్‌టెండర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేస్తే సంగతి బయటపడుతుంది. దాన్ని మెట్ల దగ్గరికి జరిపితే కొంత నయమే. కాని ఒకే రేడియోతో అందుకుని, దానితోనే పంపే రకమైతే వేగం సుమారు సగానికి పడిపోతుంది. పైగా అక్కడి నుంచి ఇంకో గోడ దాటాలి.

పవర్‌లైన్ అడాప్టరుకు గోడతో పనిలేదు. గోడలో ఇప్పటికే ఉన్న కరెంటు తీగ మీదుగానే డేటా పంపుతుంది. రౌటర్ దగ్గర ఒకటి, గదిలో ఒకటి పెట్టాలి. గదిలోది వైఫై ఇచ్చే రకమైతే ఫోనుకూ సరిపోతుంది. పెట్టె మీద రాసిన 1000 ఎంబీపీఎస్ రాదు, అందులో చిన్న వంతే వస్తుంది. అయినా వైరింగు బాగుంటే, పైన చెప్పిన గదికి ఎక్స్‌టెండర్ ఇచ్చేదానికి ఎన్నో రెట్లు అందుతుంది.

ఇది పనిచెయ్యలేదన్న ఫిర్యాదులకు తరచు కనిపించే కారణం ఒకటుంది. త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో కింది అంతస్తు ఒక ఫేజు మీద, పై అంతస్తు ఇంకో ఫేజు మీద ఉండటం మామూలే. ఫేజు మారితే సిగ్నల్ బాగా బలహీనపడుతుంది, ఒక్కోసారి అందనే అందదు. ఒక ఫేజు పోయినప్పుడు, ఇన్వర్టర్ మీద లేని రెండు ప్లగ్గుల్లో ఒకటి ఆగి రెండోది పనిచేస్తుంటే, అవి వేర్వేరు ఫేజుల మీద ఉన్నట్టే. లోడు చూసి ఎలక్ట్రీషియన్ బోర్డులో ఆ గది లైనును మార్చగలడు. స్పైక్ గార్డులో గుచ్చడం మరో పొరపాటు. దానిలోని ఫిల్టర్ డేటాను మింగేస్తుంది. అడాప్టర్ నేరుగా గోడ ప్లగ్గులోనే ఉండాలి. ఒక ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీద, రెండోది మామూలు లైను మీద ఉన్నా చిక్కే.

పల్చటి గోడ ఒక్కటే అడ్డమైతే ఎక్స్‌టెండర్ చాలు. స్లాబు దాటాల్సి వస్తే మాత్రం, డబ్బు పెట్టేముందు రెండు ప్లగ్గులూ ఏ ఫేజు మీద ఉన్నాయో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.