మిషన్ ధర అడగొద్దు, స్ట్రిప్పు ధర అడుగుదాం
రాంగోపాల్‌పేట్ వాసులకు, మెడికల్ షాపుల వారికి ఒక విన్నపం

జేమ్స్ స్ట్రీట్ పోలీసు స్టేషన్ దగ్గర్నుంచి మినిస్టర్ రోడ్డు దాకా, నల్లగుట్ట సందుల్లోనూ, ఏ మెడికల్ షాపులో నిలబడినా బీపీ మిషన్, షుగర్ మిషన్ కొనేవాళ్లు అడిగేవి రెండే మాటలు: ఏ కంపెనీది మంచిది, ఎంతకిస్తారు? కౌంటర్‌లోని అబ్బాయి ఒక పేరు చెబుతాడు, డబ్బా మీది ఎమ్మార్పీ చూపించి తగ్గింపు చెబుతాడు, బేరం అయిపోతుంది. బీపీ మిషన్ విషయంలో కంపెనీ పేరు సగం సమాచారమే. షుగర్ మిషన్ విషయంలో మిషన్ ధరకు దాదాపు అర్థమే లేదు. అందుకే మన పేటలో ఈ మిషన్లు అమ్మే ప్రతి షాపూ వాటి పక్కన చేత్తో రాసిన ఒక అట్టముక్క పెట్టాలని కోరుతున్నాం. దాని మీద ఏం రాయాలో, ఎందుకు రాయాలో చెప్పడానికే ఈ కరపత్రం.

బీపీ మిషన్‌తో మొదలుపెడదాం. చేతికి చుట్టిన పట్టీలో గాలి వదులుతున్నప్పుడు రక్తనాళం కొట్టుకునే కదలికలను మిషన్ పసిగట్టి, వాటినుంచి ఒక లెక్క ప్రకారం పై అంకె, కింది అంకె రాబడుతుంది. ఆ లెక్క ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, బయటికి చెప్పరు. కాబట్టి మనుషుల మీద పరీక్షించి చూడటం తప్ప మిషన్ నిజం చెబుతోందో లేదో తేలే దారి లేదు. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 81060-2 ప్రకారం కనీసం 85 మందికి, నిపుణులు చెవులతో విని కొలిచిన బీపీతో మిషన్ అంకెలను పోల్చాలి. సగటు తేడా 5 పాయింట్లు దాటకూడదు, అంకెల చెదురు 8 దాటకూడదు. ఇలా నెగ్గిన మోడళ్ల జాబితాను stridebp.org అనే సైటు ఉచితంగా ఇస్తుంది. ఆమ్రాన్, మైక్రోలైఫ్, ఏ అండ్ డీ కంపెనీల మోడళ్లు అందులో చాలా కనిపిస్తాయి. కానీ నెగ్గేది మోడలే, కంపెనీ కాదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కాకుండా, మిషన్ తిరగేస్తే అడుగున చీటీ మీద ఉండే నంబరును జాబితాలో వెతకాలి. గర్భిణులకు, పిల్లలకు జాబితాలు వేరు. పెద్దలకు సరిపోయిందని తేలిన మిషన్ ఏడో నెల గర్భిణికి సరిపోతుందని అనుకోకూడదు.

జాబితాలో ఉన్న మిషన్ కూడా పట్టీ సైజు కుదరకపోతే తప్పే చెబుతుంది. చాలా డబ్బాల్లో వచ్చే మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. భుజం ఎముక నుంచి మోచేతి దాకా సగం దూరంలో దర్జీ టేపుతో చుట్టు కొలిస్తే మన సైజు తెలుస్తుంది. 2023లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద పట్టీ కావలసినవారికి మామూలు పట్టీ కడితే పై అంకె సగటున దాదాపు 5 పాయింట్లు, మరీ పెద్ద పట్టీ కావలసినవారికి 19 పాయింట్లకు పైగా ఎక్కువ చూపింది. 36 సెంటీమీటర్ల చేయి ఉన్నాయన అసలు బీపీ 137 అనుకోండి. మామూలు పట్టీ 142 చూపుతుంది. 140 గీత దాటినట్టే, ఇక మాత్రల మాట మొదలవుతుంది. 42 సెంటీమీటర్ల చేతికి 128 ఉన్నా 147 కనబడొచ్చు. ఆ పూట ఇంట్లో జరిగే గాభరా వేరే చెప్పాలా!

షుగర్ మిషన్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఖర్చంతా స్ట్రిప్పులదే. ఒక మిషన్ 600 రూపాయలకు వస్తుంది, దాని స్ట్రిప్పు ఒక్కోటి 20 పడుతుంది అనుకుందాం. ఇంకొకటి వెయ్యికి వస్తుంది, స్ట్రిప్పు 11. వారానికి నాలుగుసార్లు చూసుకునేవారికి ఏడాదికి 208 స్ట్రిప్పులు కావాలి. మొదటిదానికి 4,160, రెండోదానికి 2,288. మిషన్ మీద మిగిల్చుకున్న 400 మూడు నెలల్లోపే ఆవిరి. ఇక నిజం పేర్లకొస్తే, డాక్టర్ మోరెపెన్ బీజీ-03 స్ట్రిప్పులు చాలాకాలంగా చవక వైపు ఉన్నాయి. ఆక్యు-చెక్ ఆక్టివ్, వన్‌టచ్ సెలెక్ట్ ప్లస్ సాధారణంగా ఖరీదు వైపు ఉంటాయి. షాపును బట్టి, నెలను బట్టి ధర మారుతుంది కనుక అంకె కంటే అడిగే అలవాటు ముఖ్యం. ఒక మిషన్ స్ట్రిప్పు ఇంకోదానికి పట్టదు కాబట్టి, మిషన్ కొన్నామంటే ఆ స్ట్రిప్పు ధరకు కట్టుబడ్డట్టే. 2021 జులైలో కేంద్రం ఐదు రకాల పరికరాల మీద వ్యాపార లాభానికి పరిమితి పెట్టింది. బీపీ మిషన్, గ్లూకోమీటర్ ఆ ఐదింటిలో ఉన్నాయి. ఆ పేర్లలో స్ట్రిప్పులు మాత్రం లేవు.

చవక స్ట్రిప్పు తప్పు చెబుతుందేమో అన్న సందేహం న్యాయమైనదే. దానికి జవాబు ధరలో దొరకదు. డబ్బా మీద ఐఎస్ఓ 15197:2013 అని ఉందా చూడాలి. ఆ ప్రమాణం ప్రకారం నూటికి 95 ఫలితాలు, షుగర్ 100 లోపుంటే 15 పాయింట్ల తేడాలో, 100 దాటితే 15 శాతం తేడాలో ఉండాలి. ఇంట్లో సరిచూసుకోవడమూ సులువే. ల్యాబ్‌లో పరగడుపున రక్తం ఇచ్చిన అయిదు నిమిషాల్లో, చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకుని, వేలు గుచ్చి చూసుకోండి. ల్యాబ్ 140 అంటే మిషన్ 119కి, 161కి మధ్య ఉంటే ఫరవాలేదు. తిన్న తర్వాత పోల్చవద్దు, అప్పుడు వేలి రక్తంలో షుగర్ సహజంగానే ఎక్కువ ఉంటుంది. స్ట్రిప్పు తయారీ ఖరీదైన వ్యవహారమేమీ కాదనడానికి మన ఊరి పక్కనే ఉదాహరణ ఉంది. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ తయారుచేసిన క్విక్‌చెక్‌ను, బయోసెన్స్ సంస్థ సుచెక్‌ను 2014లో ఐసీఎంఆర్ ముందుకు తెచ్చినప్పుడు స్ట్రిప్పు ధర రెండు నుంచి నాలుగు రూపాయలని ప్రకటించారు.

చవకని యాభై డబ్బా కొనేయడం కూడా తొందరే. కొన్ని రకాల డబ్బాలు మూత తీశాక మూడు నెలలకో ఆరు నెలలకో పనికిరావు. వారానికి ఒక్కసారి చూసుకునేవారు ఇరవై అయిదుదే తీసుకోవాలి. చాలా స్ట్రిప్పులు 30 డిగ్రీల లోపు ఉంచాలి. మే నెలలో కిటికీ పక్కన పెడితే మిషన్ తప్పు కాదు, మనదే. ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చినప్పుడు ముందు గడువు తేదీ చూడండి.

ప్రభుత్వ లైసెన్సు ఉంది కదా, ఇంకేం కావాలి అని షాపువారు అనొచ్చు. లైసెన్సు అవసరమే, అది లేనిది అసలు కొనకూడదు. అయితే అమ్ముకోవడానికి అనుమతి రావడం వేరు, ఈ మోడల్‌ను పరీక్షించిన ఫలితాలు అందరూ చూసేలా ఉండటం వేరు. డాక్టరుగారి మిషన్‌తో ఒకసారి పోల్చి చూశాం, సరిపోయిందని కొనేవారు అంటారు. బీపీ నిమిషానికొకలా ఉంటుంది, ఒక్కసారి కలిస్తే అది యాదృచ్ఛికం కావచ్చు. ఇక అట్టముక్క రాసే తీరిక ఎక్కడిదంటే, బీపీ మిషన్‌కు రెండు మాటలు: అడుగున ఉన్న మోడల్ నంబరు జాబితాలో ఉందా, పట్టీ ఎన్ని సెంటీమీటర్లు. షుగర్ మిషన్‌కు ఒక్క స్ట్రిప్పు ధర, ఎన్ని స్ట్రిప్పుల డబ్బాలు దొరుకుతాయి. కంపెనీ రిప్రజెంటేటివ్ వచ్చినప్పుడు అతనిచేతే రాయించుకోవచ్చు. వీటితో పాటు కౌంటర్ మీద పది రూపాయల దర్జీ టేపు ఒకటి ఉంచితే చాలు.

అపార్ట్‌మెంట్ సంఘాలు, గుడి కమిటీలు శిబిరాల కోసం మిషన్లు కొనేటప్పుడు ఈ నాలుగు వివరాలు బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే బిల్లు వెనక్కిచ్చి పక్క షాపుకు వెళ్లండి, మన వీధుల్లో అది పది అడుగులే.