ఫొటో చూసి నాణెం తేల్చేవారు

మనవారు కాసుగా ఎరిగిన బ్రిటిష్ సవరిన్‌ను, అంటే 22 క్యారెట్ల బంగారు నాణేన్ని, ఫొటోలు మాత్రమే చూసి ‘అసలైనదే’ అనో ‘నకిలీ’ అనో ఒక్క మాటలో తేల్చేయడం కొనేవారికి అన్యాయం. 1911 నాటి ఐదో జార్జి సవరిన్ ఫొటోలో రాజు మెడ దిగువన శిల్పి మెకెన్నల్ పొడి అక్షరాలు స్పష్టంగా ఉండి, సంవత్సరపు అంకెల చుట్టూ మాత్రం సన్నని బుడిపెలు కనిపిస్తే, ‘అసలైనదయ్యే అవకాశం సుమారు 60 శాతం; బుడిపెలు పోతపోసిన గుర్తులా, వెలుతురు భ్రమా అన్నది ఈ ఫొటోతో తేలదు; బరువు, వ్యాసం, అంచు ఫొటో అందలేదు’ అని పరిశీలకుడు తన నివేదికలో రాయాలి. ఆ 60 శాతం కొలత కాదనీ, పరిశీలకుడి అంచనా మాత్రమేననీ, ఇలాంటి పదింటిలో నాలుగు నకిలీలు కావచ్చనీ విడమరచాలి. తరువాత 7.98 గ్రాముల బరువు (అరిగితే స్వల్పంగా తగ్గవచ్చు), 22.05 మిల్లీమీటర్ల వ్యాసం సరిచూడమనాలి. అవి బాగా తేడా వస్తే అనుమానం బలపడుతుంది గానీ, సరిపోయినంత మాత్రాన నిజమని రుజువు కాదు, ఎందుకంటే గత శతాబ్ది మధ్యలో లెబనాన్‌లో కొన్ని నకిలీలను బంగారంతోనే ముద్రించారు. అందుచేత చివరి నిర్ణయాన్ని నాణేన్ని చేతపట్టి అసలు ముద్రతో పోల్చగల నిపుణుడికి వదిలి, అంతవరకు దాన్ని తోమవద్దని నివేదికలోనే రాయాలి.