‘అభిప్రాయాలు నా సొంతం’ అని రాస్తే సరిపోతుందా?

ఆఫర్ లెటర్ రాగానే మన సీనియర్లు చేసే మొదటి పని ప్రొఫైల్‌లో కంపెనీ పేరు పెట్టుకోవడం. రెండో పని, దాని కింద ‘ఇక్కడి అభిప్రాయాలు నా సొంతం, కంపెనీవి కావు’ అనే అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో ఒక లైన్ తగిలించడం. ఆ లైన్ ఉంటే ఇక ఏం రాసినా భయం లేదని చాలామంది నమ్మకం. కొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రొఫైల్‌లో కంపెనీ పేరు కనిపిస్తోందంటే ఇక నోరు కట్టేసుకోవాల్సిందే అంటారు. నాకైతే రెండూ తప్పే అనిపిస్తాయి. ఆ లైన్ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: ఈ మాట ఎవరిది? ఉద్యోగాల్లో గొడవలు తెచ్చే ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. వాటి దగ్గర ఆ లైన్ అసలు పనికిరాదు.

ముందు ‘మాట ఎవరిది’ అన్న సంగతి చూద్దాం. దీని మీద ఇంగ్లండ్ హైకోర్టు 2012 నవంబర్‌లో ఇచ్చిన తీర్పు ఒకటుంది. కేసు పేరు స్మిత్ వర్సెస్ ట్రాఫర్డ్ హౌసింగ్ ట్రస్ట్. మాంచెస్టర్ దగ్గర ఇళ్లు అద్దెకిచ్చి నిర్వహించే సంస్థ అది. స్మిత్ అందులో మేనేజర్. 2011 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చర్చిల్లో స్వలింగ వివాహాలకు అనుమతి రాబోతోందన్న వార్తను తన ఫేస్‌బుక్ గోడ మీద పెట్టి, ఇది సమానత్వాన్ని మరీ దూరం లాగడమే అన్న అర్థంలో ఒక ముక్క రాశాడు. తోటి ఉద్యోగి ఒకరు ‘అంటే నీకు ఇష్టం లేదా?’ అన్నట్టు అడిగితే, తన మత విశ్వాసం ప్రకారం మర్యాదగానే జవాబిచ్చాడు. ఆయన అభిప్రాయంతో నేను ఏకీభవించను. కానీ ఇక్కడ ప్రశ్న అది కాదు.

ఆయన ప్రొఫైల్‌లో ఆ ట్రస్టులో మేనేజర్‌నని ఉంది. ఫ్రెండ్స్ లిస్టులో దాదాపు 45 మంది అదే ఆఫీసువాళ్లు. మత, రాజకీయ అభిప్రాయాలను ప్రచారం చేయకూడదని, సంస్థకు చెడ్డపేరు తేకూడదని ట్రస్టు నియమావళిలో ఉంది. దాంతో ఇది తీవ్రమైన దుష్ప్రవర్తన అని తేల్చారు. ఎన్నో ఏళ్ల సర్వీసు ఉంది కాబట్టి ఉద్యోగం తీసేయకుండా మేనేజర్ పదవి నుంచి కిందికి దించారు. జీతం దశలవారీగా 40 శాతం తగ్గేలా చేశారు.

కోర్టు స్మిత్ పక్షాన తీర్పిచ్చింది. జడ్జి చూసింది ప్రొఫైల్‌లో ఆ ఒక్క లైన్‌ని కాదు, మొత్తం సందర్భాన్ని. ఆ గోడ మీద మిగతావన్నీ ఆటలు, తిండి, కార్ల లాంటి కబుర్లు. రాసింది సెలవు రోజున, సొంత అకౌంట్‌లో. వాడిన భాషలో బూతు లేదు, ఎవరినీ తిట్టింది లేదు. ఆఫీసు మెయిల్‌లో పంపి ఉంటే తోటి ఉద్యోగుల మీద రుద్దినట్టయ్యేది. ఇక్కడ వాళ్లంతట వాళ్లే ఫ్రెండ్స్‌గా చేరి చదివారు. ఇదంతా చూసిన మామూలు మనిషెవరూ ఇది ట్రస్టు మాట అనుకోరు, ఆ కారణంగా ట్రస్టును తక్కువగానూ చూడరు అన్నది జడ్జి తేల్చిన విషయం. అంటే ప్రొఫైల్‌లో కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన మన ప్రతి మాటా కంపెనీ మాట అయిపోదు. ఇదే అకౌంట్ నిండా ఆఫీసు విశేషాలు, కస్టమర్లకు సమాధానాలు ఉంటే ఫలితం వేరేలా ఉండేదేమో. అప్పుడు పైన ఎంత పెద్ద అక్షరాలతో ‘నా సొంతం’ అని రాసుకున్నా నమ్మడం కష్టం.

ఇక్కడిదాకా చదివి సంబరపడేవాళ్లు అసలు అంకె కూడా చూడాలి. గెలిచిన స్మిత్‌కు వచ్చిన పరిహారం 98 పౌండ్లు. ఎందుకంత తక్కువ? అప్పట్లో అక్కడ అన్యాయంగా తొలగించారని ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే మూడు నెలల గడువు ఉండేది. అది దాటిపోయింది. మిగిలింది కాంట్రాక్టు ఉల్లంఘన దావా. అందులో నోటీసు కాలానికి పోయిన జీతం తేడా మాత్రమే లెక్క. జీతం దశలవారీగా తగ్గింది కాబట్టి ఆ కొద్ది వారాల్లో తేడా అంతే తేలింది. ఈ ఫలితం తనకే ఇబ్బందిగా ఉందని జడ్జి తీర్పులోనే రాశాడు. పైగా ఈ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు. నాకు దీంట్లో కనిపించే పాఠం ఒకటే. న్యాయం మన వైపు ఉండటం వేరు, నష్టం జరగకుండా ఉండటం వేరు. గొడవ మొదలయ్యాక గెలిచే దారి వెతుక్కోవడం కంటే, సంతకం పెట్టే రోజే ఆ ‘చెడ్డపేరు’ క్లాజ్ ఎంత దూరం వెళ్తుందో చదువుకోవడం మేలు.

ఇప్పుడు రెండో ప్రశ్న: ఈ సమాచారం ఎవరిది? మన బ్రాంచ్ వాళ్లకు అభిప్రాయాల కన్నా దీనివల్లే ఎక్కువ చిక్కు. ఎందుకంటే ఇది పోస్టులో కాదు, ప్రాజెక్ట్ వివరాల్లో ఉంటుంది. ఒక ఊహాజనిత ఇంటర్న్ రాసుకున్న ప్రొఫైల్ తీసుకుందాం. ‘ఫలానా బ్యాంకు మొబైల్ యాప్‌కి లాగిన్ మాడ్యూల్ రాశాను. రోజుకు నాలుగు లక్షల లాగిన్‌లు. పాత సర్వర్ నుంచి కొత్త వెర్షన్‌కి మార్చే పని మార్చిలో పూర్తవుతుంది.’ ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అభిప్రాయం కూడా లేదు. అయినా మూడు వాక్యాల్లో మూడు సమస్యలున్నాయి.

బ్యాంకు పేరు బయటపెట్టే హక్కు ఇంటర్న్‌ది కాదు, చాలాసార్లు కంపెనీది కూడా కాదు. సర్వీసెస్ కంపెనీ తన క్లయింట్‌తో చేసుకునే ఒప్పందంలో మా పేరు బయట వాడొద్దన్న షరతు మామూలుగా ఉంటుంది. మన చేత సంతకం పెట్టించుకునే రహస్య ఒప్పందం దానికి కొనసాగింపు. రెండోది, నాలుగు లక్షలన్న అంకె. అది ఆ బ్యాంకు వ్యాపార సమాచారం, పోటీ బ్యాంకుకు పనికొచ్చేది. మూడోది అన్నిటికన్నా ప్రమాదం. మార్చి దాకా ఆ యాప్ పాత సర్వర్ మీదే నడుస్తుందని ఊరందరికీ చెప్పినట్టే. దాడి చేయాలనుకునేవాడు ముందుగా వెతికేది ఇలాంటి వివరాలే. పాత వెర్షన్‌లో తెలిసిన లోపాలేమిటో పబ్లిక్‌గానే దొరుకుతాయి. ఇక్కడ ‘అభిప్రాయాలు నా సొంతం’ అన్న లైన్ ఏం కాపాడుతుంది? అభిప్రాయం మనదే కావచ్చు, కానీ సర్వర్ మనది కాదు కదా.

అదే పనిని ఇలా రాయొచ్చు: ‘బ్యాంకింగ్ రంగంలోని ఒక క్లయింట్ కోసం జావాలో లాగిన్ మాడ్యూల్ మీద పనిచేశాను. దానికి యూనిట్ టెస్టులు రాశాను. లాగిన్‌కు పట్టే సమయం తగ్గించిన టీమ్‌లో ఉన్నాను.’ ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావలసింది మనకు ఏం వచ్చు అన్నది. అది ఇందులో ఎక్కడికీ పోలేదు. అయితే ఒక మెలిక ఉంది. పేరు తీసేసి ‘ఫలానా ఊళ్లో ప్రధాన కార్యాలయం ఉన్న, ఫలానా రంగు లోగో ఉన్న పెద్ద బ్యాంకు’ అని రాస్తే పేరు తీసినట్టు కాదు. మనం ఒక్కళ్లం రాసింది చాలకపోయినా, అదే టీమ్‌లో ఐదుగురి ప్రొఫైళ్లు పక్కపక్కన పెడితే బొమ్మ పూర్తవుతుంది. అందుకే చిన్న పరీక్ష: ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని ఫ్రెండ్‌కి మన ప్రొఫైల్ చూపించి, క్లయింట్ ఎవరో కనిపెట్టమనాలి. సెర్చ్ చేసి రెండు నిమిషాల్లో చెప్పేస్తే ఇంకొంచెం తగ్గించాలి.

మూడో ప్రశ్న: నా మాటలో నా లాభం ఉందా? ఇది తిట్టినప్పుడు కాదు, పొగిడినప్పుడు వస్తుంది. కంపెనీ కొత్త యాప్ రిలీజ్ చేసింది, ‘నేను వాడిన వాటిలో ఇదే బెస్ట్’ అని పోస్ట్ చేశాం అనుకోండి. పొగడ్తే కదా, మేనేజర్ కూడా లైక్ కొడతాడు. కానీ చదివేవాళ్లకు మనం అక్కడ జీతం తీసుకుంటున్నామని తెలియాలి. అమెరికాలో వినియోగదారుల వ్యవహారాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీని గురించి స్పష్టంగా చెబుతోంది. ప్రొఫైల్‌లో కంపెనీ పేరు ఉండటం చాలదు, ఆ సంబంధం పోస్టులోనే కనిపించాలి. కారణం సింపుల్. పోస్ట్ చదివే ప్రతివాళ్లూ ప్రొఫైల్ తెరిచి చూడరు. ఇక్కడ ‘అభిప్రాయం నా సొంతం’ అన్న లైన్ సాయం చేయకపోగా ఇంకా దారి తప్పిస్తుంది. సంబంధం లేని మనిషి చెప్పినట్టు ధ్వనిస్తుంది. ‘మా టీమ్ తయారు చేసిన యాప్ ఇది’ అని మొదలుపెడితే ఒక్క మాటతో సమస్య తీరిపోతుంది. గర్వంగా కూడా ఉంటుంది.

ఇదంతా ఉద్యోగుల బాధ్యతే అని కంపెనీలను వదిలేయడం లేదు. ‘సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించే ఏ వ్యాఖ్యా చేయరాదు’ అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకునే పాలసీ నాకు నచ్చదు. ట్రాఫర్డ్‌లో జరిగింది అలాంటి వాక్యాన్ని ఆదివారం దాకా సాగదీయడమే. మంచి పాలసీ అంటే పై మూడు ప్రశ్నలనూ విడివిడిగా రాయాలి. ఏ సమాచారం బయటికి రాకూడదో చెప్పాలి. కంపెనీ తరఫున మాట్లాడేది ఎవరో చెప్పాలి. మిగతాది ఉద్యోగి సొంత విషయమని ఒప్పుకోవాలి.

అలా రాయని చోట మనమే అడగాలి. జాయిన్ అయ్యే ముందు హెచ్‌ఆర్‌కి ఒక చిన్న మెయిల్ చాలు. క్లయింట్ పేరు ప్రొఫైల్‌లో పెట్టొచ్చా? ప్రాజెక్ట్ వివరాలు ముందుగా ఎవరికి చూపించాలి? సొంత అకౌంట్‌లో రాసేవాటికి పాలసీలో ఏ సెక్షన్ వర్తిస్తుంది? నోటిమాటగా కాకుండా మెయిల్‌లోనే అడగడం ముఖ్యం. రేపు మేనేజర్ మారినా జవాబు మన దగ్గర ఉంటుంది. ‘అభిప్రాయాలు నా సొంతం’ అన్న లైన్ తీసేయమని నేను అనను. ఉంచుకోండి. కాకపోతే ఏదైనా పోస్ట్ చేసే ముందు ఆ లైన్ లేదనుకుని ఒకసారి చదవండి. అది లేకుండా నిలబడని పోస్ట్, అది ఉన్నా నిలబడదు.