చికున్‌గున్యా నొప్పులకు సూదొక్కటే మందా?

2006లో చికున్‌గున్యా మన రాయలసీమను చుట్టేసినప్పుడు చాలామందికి జ్వరం వారంలో పోయింది, కీళ్ల నొప్పులు మాత్రం నెలల తరబడి ఉండిపోయాయి. ఇప్పటికీ ఆ నొప్పులొస్తే మన తాండాల్లో చేసేది ఒకటే, ఊళ్లో సూది వేయించుకోవడం. కూలి పోతుందన్న భయంతోనే వేయించుకుంటారని మాకూ తెలుసు. అయినా ఒప్పుకోలేం.

ఆ సూదిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత నొప్పి మళ్లీ మొదలు. పదేపదే వేయించుకుంటే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. మా తాండాలో చిన్నమ్మ ఒకామె రెండు నెలలు అట్లే తిరిగింది. పొద్దున పిడికిలి మూసుకునేది కాదు, శెనక్కాయ చెట్లు పీకలేకపోయింది.

చివరికి డాక్టరు సూదులు మాన్పించి పారాసెటమాల్ రాశాడు. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు చేతులు పెట్టి, పిడికిలి మెల్లగా మూసి తెరవమన్నాడు, రోజుకు మూడుసార్లు. మరుసటి రోజుకు నొప్పి పెరిగితే తగ్గించాలి, అంతేగానీ మానకూడదు. కదపకుండా మంచాన పడుకుంటే కీళ్లు ఇంకా బిగుసుకుపోతాయి. బిందెలు మోసే పని ఇంట్లోవాళ్లు తీసుకున్నారు. నాలుగో నెలకు పిడికిలి మూసుకుంది.

ఇంకోమాట. జ్వరమున్నప్పుడు డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు మింగొద్దు, రక్తస్రావం కావచ్చు. మూడు నెలలు దాటినా కీళ్లు వాచి, పొద్దున గంటకుపైగా బిగుసుకుంటే కీళ్లవాతం పరీక్షలు చేయించాలి. దానికి మందులు వేరే ఉన్నాయి. అట్లాంటివాళ్లు ఇంట్లో ఉంటే ఈ వారమే అనంతపురం సర్వజన ఆసుపత్రికి మనమే తోడుపోదాం.