గసగసాల కూర తిన్నా డ్రగ్ టెస్టులో పాజిటివ్.. అసలు తేడా ఎక్కడ?

ఆదివారం గసగసాలు దట్టించిన నాటుకోడి కూర తిన్నారు. సోమవారం యూరిన్ టెస్టులో మార్ఫిన్ పాజిటివ్ వచ్చింది. వినడానికి వింతగా ఉన్నా ఇది జరిగే పనే. 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ శాఖ గసగసాలకు దూరంగా ఉండాలని తన సైనికులను హెచ్చరించింది.

కారణం ఇదీ.. గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క కాయ నుంచే. గింజలో మత్తు దాదాపు ఉండదు. కానీ కోసేటప్పుడు కాయ పాలు గింజ పైపొరకు అంటుకుంటాయి. అందులో మార్ఫిన్, కోడీన్ ఉంటాయి. నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే చాలావరకు తగ్గుతాయి. అయినా పూర్తిగా పోతాయన్న గ్యారంటీ లేదు.

చేతి కిట్‌లో మూత్రం పోస్తే రెండు గీతలు పడాలి. టెస్ట్ గీత లీలగా పడినా నెగటివే. అసలు పడకపోతే పాజిటివ్. చాలా కిట్లలో మార్ఫిన్ హద్దు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు. గసగసాలు ఈ హద్దును ఈజీగా దాటించేస్తున్నాయని, అమెరికా 1998లో ప్రభుత్వ ఉద్యోగుల టెస్టులకు దాన్ని 2000కు పెంచింది.

మందుల సంగతి వేరు. కొన్ని దగ్గు సిరప్‌లలోని డెక్స్‌ట్రోమెథార్ఫాన్ పీసీపీ అనే డ్రగ్‌లా, జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ యాంఫెటమిన్‌లా కిట్‌ను పొరబడేలా చేస్తాయి. ల్యాబ్‌లో మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్ష చేస్తే ఆ పొరపాటు తేలిపోతుంది. గసగసాల విషయంలో చిక్కంతా ఇక్కడే. ఒంట్లో ఉన్నది నిజమైన మార్ఫినే కాబట్టి ల్యాబ్ కూడా 'ఉంది' అనే చెబుతుంది. కోడీన్ కలిసిన దగ్గు సిరప్ తాగినా అంతే.

మరి తేల్చేదెలా? హెరాయిన్ వాడితే మూత్రంలో 6-ఎసిటైల్‌మార్ఫిన్ కనిపిస్తుంది. గసగసాలు తింటే అది రాదు. అయితే అది కొద్ది గంటల్లోనే మాయమవుతుంది. కాబట్టి కనిపిస్తే హెరాయిన్ వాడినట్టే కానీ, కనిపించనంత మాత్రాన వాడలేదని చెప్పలేం. మరోవైపు నల్లమందు మొక్కలోనే ఉండే థెబైన్ కనిపిస్తే, అది గసగసాల వాదనకు బలం. కాకపోతే నల్లమందు తీసుకున్నా అది కనిపించొచ్చు. అందుకే మార్ఫిన్ మోతాదు, తిన్న సమయం కూడా కలిపి చూస్తారు.

టెస్టుకు ముందే రెండు రోజుల్లో తిన్నవి, వాడిన మందులు రాసివ్వాలి. ప్రిస్క్రిప్షన్ దాచుకోవాలి. కిట్‌లో పాజిటివ్ వస్తే అదే శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపమని అడగాలి. ఇక గల్ఫ్ వెళ్లేవారు లగేజీలో మసాలా పొట్లాలు ఒకసారి చూసుకోవడం మంచిది. యూఏఈలో గసగసాలు నిషేధం. అక్కడ టెస్టు దాకా కూడా వెళ్లక్కర్లేదు, పొట్లం దొరికితేనే కేసు కావచ్చు.