హోదా దించే లెటర్‌లో కనపడని కోత

హోసూరులో మన సంఘం సభ్యుల అబ్బాయి ఒకణ్ణి సూపర్‌వైజర్ నుంచి ఆపరేటర్‌కు దించారు. బేసిక్, డీఏ కలిపి 40,000 ఉండేది, 32,000 అయింది. నెలకు ఎనిమిది వేలు పోయాయని ఇంట్లో దిగులు. నా దిగులు గ్రాట్యుటీ గురించి. దాన్ని చివరి జీతం మీదే లెక్కగడతారు: జీతాన్ని 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున. పన్నెండేళ్ళ సర్వీసుకు పాత జీతం మీద 2,76,923 వచ్చేది, ఇప్పుడు 2,21,538. బాగా పనిచేసిన ఏళ్ళకూ కోతే! లెటర్‌లో ఆ ఊసే లేదు.

మూడు క్వార్టర్లు అతను వెనకబడిన మాట నిజం. పని తీసేయకుండా దించారు, సరే. కానీ కారణం ‘పనితీరు తృప్తికరంగా లేదు’ అని ఒక్క ముక్కేనా? టార్గెట్ ఎంత, చేసిందెంత, ముందు ఎప్పుడు హెచ్చరించారు అన్నవి లేకుండా దేనికి జవాబు రాయాలి? పైగా 28న లెటర్, జవాబుకు ఏడు రోజులు, కొత్త జీతం 1 నుంచే. జవాబు చదవకముందే తీర్పు అమలన్నమాట.

‘ఒప్పుకున్నాను’ అని కాక ‘అందింది’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టమన్నాను. ఇప్పటిదాకా చేసిన సర్వీసుకు గ్రాట్యుటీ పాత జీతం మీదే ఇస్తామని రాతపూర్వకంగా అడగమన్నాను. చట్టం చెప్పిన దానికన్నా ఎక్కువ ఇవ్వడానికి కంపెనీకి ఏ అడ్డూ లేదు.